కోరిలేషన్, రిగ్రెషన్ వాలు తగినంత కచ్చితంగా తేలాలంటే ఎన్ని నమూనాలు కావాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రాజెక్టు పనికి, సిద్ధాంత వ్యాసానికి లెక్కలు సిద్ధం చేసుకునే విద్యార్థులు సినాప్సిస్ రాసే వారంలో నా దగ్గరకు వస్తుంటారు. వాళ్లు అడిగిన ప్రశ్నలనే ఇక్కడ వరుసగా పెట్టాను. అన్నింటికీ ఒకే ఉదాహరణ వాడాను. ఉద్దానంలోని జీడితోటల్లో మాను చుట్టుకొలతకూ ఆ చెట్టు ఇచ్చే పిక్కల బరువుకూ మధ్య సంబంధాన్ని కొలవాలనుకున్న ఒక విద్యార్థిని ప్రశ్నే అది. ఇందులోని ప్రామాణిక విచలనాలు, గుణకాలు లెక్క చేసి చూపడానికి అనుకున్నవే కాని తోటల్లో కొలిచి తేల్చినవి కావు. మీ పనికి మీ అంకెలు వేసుకోండి.

60 చెట్లు కొలిస్తే సరిపోతుందా మాస్టారూ?

ఆ అమ్మాయి మొదట అడిగింది ఇదే. ఏం తేల్చడానికి సరిపోవాలి అన్నది ముందు తెలిస్తే గాని దీనికి జవాబు లేదు. చుట్టుకొలతకూ దిగుబడికీ మధ్య సహసంబంధ గుణకం, అంటే మనం రోజూ కోరిలేషన్ అని అనేది, 60 చెట్లలో 0.5 వచ్చిందనుకుందాం. దాని చుట్టూ 95 శాతం విశ్వాస అంతరం కడితే 0.28 నుంచి 0.67 వరకు వస్తుంది. అసలు గుణకం 0.28 దగ్గర ఉంటే, దిగుబడిలో చెట్టుకూ చెట్టుకూ ఉన్న తేడాలలో చుట్టుకొలత వివరించేది ఎనిమిది శాతం కూడా ఉండదు. 0.67 దగ్గర ఉంటే దాదాపు 45 శాతం వివరిస్తుంది. ఈ రెండూ ఒకే మాట కావు. మొదటిది నిజమైతే చుట్టుకొలత చూసి రైతుకు చెప్పగలిగేది దాదాపు ఏమీ ఉండదు, రెండవది నిజమైతే చెప్పుకోదగినది చాలా ఉంటుంది. ఈ రెండింటిలో ఏది నిజమో 60 చెట్లు తేల్చలేకపోయాయి.

అందుచేత మొదట నిర్ణయించుకోవలసింది చెట్ల సంఖ్య కాదు. గుణకానికి అటూ ఇటూ ఎంత ఎడం ఉన్నా మీ ముగింపు మారదో ముందు తేల్చుకోవాలి. ఆ ఎడం తెలిస్తే సంఖ్య లెక్కలోంచి దానంతట అదే వస్తుంది.

p విలువ 0.05 కన్నా తక్కువ వస్తే చాలదా?

సంబంధం సున్నా కాదని చెప్పడానికి మాత్రమే అది చాలుతుంది, ఎంత ఉందో చెప్పడానికి చాలదు. అసలు గుణకం 0.3 అయితే, దాన్ని సున్నా నుంచి వేరుగా గుర్తించే అవకాశం 80 శాతం ఉండాలంటే సుమారు 85 నమూనాలు కావాలని పుస్తకాలన్నీ చెబుతాయి. అదే 85 నమూనాలలో 0.3 వచ్చినప్పుడు విశ్వాస అంతరం 0.09 నుంచి 0.48 వరకు పరుచుకుంటుంది. సున్నా కాదని తెలిసింది, అంతకు మించి తెలిసింది చాలా తక్కువ.

చిన్న నమూనాలో ఇంకొక చిక్కు ఉంది. 30 నమూనాలు తీసుకుంటే, 0.36 దాటిన గుణకమే 5 శాతం స్థాయిలో ప్రాముఖ్యం ఉన్నదిగా లెక్కకు వస్తుంది. అసలు విలువ 0.3 అయిన చోట 30 మందితో చేసి ప్రాముఖ్యం సాధించిన ప్రతి అధ్యయనమూ అసలు కన్నా పెద్ద అంకెనే ప్రకటిస్తుంది, ఎందుకంటే 0.3 వచ్చిన అధ్యయనాలన్నీ ఆ గడప దగ్గరే ఆగిపోయాయి. పాత వ్యాసాలలోని గుణకాలను చూసి మీ నమూనా పరిమాణం లెక్క కట్టేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుని, వాళ్లు చెప్పిన దానికన్నా కొంత తగ్గించి వేసుకోవాలి.

కోరిలేషన్‌కు లెక్క ఎలా వేయాలి?

సహసంబంధ గుణకం −1కీ 1కీ మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి దాని పంపిణీ ఒక వైపుకు వాలిపోతుంది. 0.8 చుట్టూ అటు ఇటు సమానంగా అంతరం కట్టడం సరికాదు. దీనికి రోనాల్డ్ ఫిషర్ 1915, 1921 వ్యాసాలలో చూపిన మార్గాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. గుణకాన్ని atanh అనే ప్రమేయంతో వేరొక కొలమానంలోకి మారిస్తే అక్కడ ప్రామాణిక దోషం 1/sqrt(n − 3) అవుతుంది. అందులో r ఉండదు, n ఒక్కటే ఉంటుంది. అక్కడ అంతరం కట్టి, తిరిగి tanh తో వెనక్కు తెచ్చుకోవాలి. R లో రెండు వరుసలు చాలు:

```r
r <- 0.5; n <- 60
tanh(atanh(r) + c(-1, 1) * 1.96 / sqrt(n - 3))
```

ఎక్సెల్‌లో చేసుకునేవారు కింది హద్దుకు ఇది రాసి, పై హద్దుకు మైనస్ బదులు ప్లస్ పెట్టుకోవచ్చు:

```
=FISHERINV(FISHER(0.5)-1.96/SQRT(60-3))
```

కావలసిన n ను ముందుగా అంచనా వేయడానికి ఒక దగ్గరి సూత్రం ఉంది. అంతరం మొత్తం వెడల్పు w అనుకుంటే

```
n = 4 * (1 - r^2)^2 * (1.96 / w)^2 + 3
```

అటు 0.1, ఇటు 0.1 ఎడం కావాలంటే w = 0.2 అవుతుంది. అప్పుడు r 0.5 అయితే 220 నమూనాలు, 0.3 అయితే 322, సున్నా అయితే 388 కావాలి. r 0.7 ఉన్న చోట 103 చాలు. గుణకం బలహీనమయ్యే కొద్దీ దాన్ని పట్టుకోవడానికి ఎక్కువ మంది కావలసి వస్తుంది. ఎడాన్ని సగం చేయాలంటే నమూనా నాలుగింతలు అవుతుంది. r = 0.3 దగ్గర 0.1 ఎడానికి 322 అయితే, 0.05 ఎడానికి 1276. అందుకే రెండవ దశాంశం వరకు కచ్చితమైన కోరిలేషన్ కావాలని ఎవరైనా అంటే, ఆ కోరిక ధర ఎంతో ముందు వాళ్లకు చూపిస్తాను.

2013లో ఫెలిక్స్ షోన్‌బ్రోట్, మార్కో పెరుగిని వేరొక దారిలో ఈ ప్రశ్ననే అడిగారు. నమూనాలు ఒక్కొక్కటిగా కలుపుతూ పోతే, ఏ సంఖ్య దాటాక కోరిలేషన్ ఊగడం మానుతుందని కంప్యూటర్‌లో అనుకరించి చూశారు. మనస్తత్వశాస్త్రంలో మామూలుగా కనబడే గుణకాలకు వాళ్లకు వచ్చిన జవాబు 250 దరిదాపులు. పై సూత్రం ఇచ్చే అంకెలకు అది దగ్గరగానే ఉందని గమనించండి.

r ముందే తెలిస్తే అధ్యయనం ఎందుకు? తెలియనిదాన్ని సూత్రంలో ఎలా వేస్తాం?

న్యాయమైన ప్రశ్న. చాలామంది 20 చెట్లతో పైలట్ చేసి, అందులో వచ్చిన r ని తీసుకువచ్చి సూత్రంలో పెడతారు. 20 చెట్లలో 0.5 వస్తే అంతరం 0.07 నుంచి 0.77 వరకు ఉంటుంది. ఆ అంకె మీద నమూనా పరిమాణం కట్టడం ఇసుక మీద గోడ కట్టడమే. పైలట్ ఎందుకు చేయాలంటే టేపు ఎక్కడ పట్టాలో, తోటకు ఎన్ని నిమిషాలు పడుతుందో, పిక్కలు తూచడానికి రైతు ఒప్పుకుంటాడో లేదో తెలుసుకోవడానికి చేయాలి.

గుణకం విషయంలో నా సలహా, నమ్మదగిన వాటిలో చిన్న విలువను వేసుకోమని. 0.3 నుంచి 0.5 మధ్య ఉంటుందని తోస్తే 0.3 వేయండి. అసలేమీ తెలియకపోతే సున్నా వేయండి. అప్పుడు వచ్చే 388 కి, తరువాత ఏ గుణకం వచ్చినా, ఎడం 0.1 కన్నా చెప్పుకోదగ్గంతగా పెరగదు.

అందరూ 384 అంటారు. అది దీనికి పనికొస్తుందా?

ఆ 384 శాతాలను అంచనా వేయడానికి పుట్టిన అంకె. సగం మంది అవునంటారనుకుని, ఆ శాతం అటూ ఇటూ ఐదుకు మించి తప్పకూడదంటే 1.96² × 0.25 / 0.05² = 384.16 వస్తుంది. దాన్ని కోరిలేషన్ అధ్యయనానికి ఎత్తి రాయడం తర్కానికి నిలబడదు. అయితే r = 0 దగ్గర 0.1 ఎడానికి (1.96/0.1)² కూడా 384.16 అవుతుంది కాబట్టి, దానికి 3 కలిపితే పైన చెప్పిన 388 వస్తుంది. రెండూ దగ్గరగా రావడం కేవలం అంకెల కలయిక. సినాప్సిస్‌లో రెండవ కారణాన్ని రాయండి, మొదటి దాన్ని రాయకండి. పరీక్షకులు అడిగినప్పుడు నిలిచేది అదే.

నాకు కోరిలేషన్ కాదు, రిగ్రెషన్ గుణకం కావాలి. లెక్క అదేనా?

కాదు. చాలా పనులకు నిజంగా కావలసింది రిగ్రెషన్ వాలే అని నా అభిప్రాయం. చుట్టుకొలత 10 సెంటీమీటర్లు ఎక్కువ ఉన్న చెట్టు సగటున ఎన్ని కిలోలు ఎక్కువ ఇస్తుంది అన్న మాట రైతుకు అర్థమవుతుంది. 0.5 అన్న అంకె అర్థం కాదు.

వాలు ప్రామాణిక దోషం మూడింటి మీద ఆధారపడుతుంది. గీత చుట్టూ బిందువులు ఎంత చెదిరి ఉన్నాయన్నది ఒకటి, x విలువలు ఎంత విస్తరించి ఉన్నాయన్నది రెండవది, నమూనా పరిమాణం మూడవది.

```
SE(b) = s_e / (s_x * sqrt(n - 1))
n = 1 + (1.96 * s_e / (s_x * d))^2
```

ఇక్కడ s_e అంటే గీత నుంచి బిందువుల ప్రామాణిక విచలనం, s_x అంటే x ప్రామాణిక విచలనం, d అంటే వాలుకు అటూ ఇటూ మీరు ఒప్పుకునే ఎడం. మన ఉదాహరణలో చుట్టుకొలత విచలనం 20 సెం.మీ., దిగుబడి విచలనం 3 కిలోలు, r 0.5 అనుకుంటే వాలు సెంటీమీటరుకు 0.075 కిలో, అంటే 10 సెంటీమీటర్లకు 750 గ్రాములు అవుతుంది. s_e సుమారు 2.6 కిలోలు. 60 చెట్లతో ఈ 750 గ్రాముల అంచనా చుట్టూ అంతరం 410 గ్రాముల నుంచి 1090 గ్రాముల వరకు ఉంటుంది. ఆ అమ్మాయి అటు 200, ఇటు 200 గ్రాములైతే ఒప్పుకుంటానంది. d = 0.02 వేస్తే 164 చెట్లు.

s_e కూడా ముందు తెలియదు కదా అంటే, నిజమే. 20 చెట్ల పైలట్‌లో 2.6 వస్తే అసలు విలువ సుమారు 2.0 నుంచి 3.8 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. పైలట్ ఇచ్చిన దానికన్నా కొంచెం పెద్దది వేసుకోవడం క్షేమం.

ఒకే వయసు తోటల్లో కొలిస్తే లెక్క శుభ్రంగా వస్తుంది కదా?

ఉద్దానంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ ప్రాంతంలోని కొబ్బరి, జీడి తోటలు పెద్ద ఎత్తున నేలకొరిగాయి. ఆ తరువాత మళ్లీ నాటిన తోటలో చెట్లన్నీ దాదాపు ఒకే ఈడువి. వాటి పక్కన నిలబడి చూస్తే మానులన్నీ ఒకే మందంలో కనబడతాయి. రోడ్డుకు దగ్గరగా ఉన్నాయనీ, వరుసలు తిన్నగా ఉన్నాయనీ, కొలవడం సులువనీ విద్యార్థులు అలాంటి తోటలనే ఎంచుకుంటారు.

అలాంటి చోట చుట్టుకొలత విచలనం 20 కి బదులు 8 సెం.మీ. ఉందనుకోండి. వాలు, s_e మారలేదనుకుందాం. పై సూత్రంలో 20 స్థానంలో 8 వేస్తే, అదే 200 గ్రాముల ఎడానికి 164 చెట్లకు బదులు 1016 చెట్లు కావాలి. విచలనం రెండున్నర రెట్లు తగ్గితే నమూనా ఆరుంపావు రెట్లు పెరిగింది. ఇలాంటి తోటలో 164 చెట్లే కొలిచి వచ్చిన విద్యార్థి ఎంత శ్రద్ధగా కొలిచినా, అతని అంతరం అటూ ఇటూ అర కిలో వెడల్పు ఉంటుంది.

కోరిలేషన్ కూడా పడిపోతుంది. అదే వాలుకు, అదే s_e కి, విచలనం 8 అయితే r 0.5 నుంచి 0.22 కి దిగుతుంది. చెట్టుకూ దిగుబడికీ మధ్య ఉన్న అసలు సంబంధం ఏమీ మారలేదు, మనం చూసిన కిటికీ ఇరుకైంది. ఇద్దరు విద్యార్థులు ఒకే మండలంలో పనిచేసి ఒకరు 0.5 అనీ ఒకరు 0.2 అనీ తెస్తే ఎవరు తప్పు చేశారని వెతకడానికి ముందు, వాళ్ల x విచలనాలను పక్కపక్కన పెట్టి చూడండి. అందుకే r రాసిన ప్రతి చోటా x, y ప్రామాణిక విచలనాలు కూడా రాయమని పట్టుబడతాను.

గుర్తించడం ఎలా అంటారా? 15 చెట్లు కొలిచాక అక్కడే చెట్టు నీడలో కూర్చుని చుట్టుకొలతల విచలనం కట్టండి. మీరు సినాప్సిస్‌లో వేసుకున్న దానికన్నా బాగా తక్కువ వస్తే, మిగిలిన చెట్లకు వేరే తోటలకు వెళ్లాలి. కోత అయిపోయాక ఆ సంగతి తెలిస్తే మళ్లీ ఏడాది ఆగాలి.

అయితే సన్నవీ లావువీ ఏరి కొలిస్తే తక్కువ చెట్లతో సరిపోతుందా?

వాలు విషయంలో సరిపోతుంది, అది మోసమూ కాదు. చుట్టుకొలతను బట్టి ఎంచుకోవడం వాలును పక్కకు లాగదు. దిగుబడిని బట్టి ఎంచుకుంటే మాత్రం లాగుతుంది. సన్నవి, మధ్యస్థం, లావువి మూడు తరగతులుగా చేసి ప్రతి తరగతిలో సమానంగా తీసుకుని విచలనాన్ని 28 కి పెంచగలిగితే, 164 స్థానంలో 84 చెట్లు చాలతాయి. మధ్య తరగతిని వదిలేయకూడదు. రెండు కొసలే ఉంటే, సంబంధం గీతలా ఉందో, కొంత దూరం పోయాక వంగిపోతోందో తెలియదు. ముదురు చెట్లలో దిగుబడి పెరగడం ఆగిపోతే గీతకు అర్థమే ఉండదు.

ఇలా ఏరిన నమూనాలో r మాత్రం ఉబ్బుతుంది. మన అంకెలతో 0.5 ఉండవలసింది 0.63 వస్తుంది. దాన్ని తోటల కోరిలేషన్ అని రాయకూడదు. ఏరి తీసుకుంటే వాలును మాత్రమే ప్రకటించండి.

ఇంకో చలరాశి కలిపితే? ఒక్కో చలరాశికి పది నమూనాలు అన్న నియమం ఉంది కదా?

ఆ నియమం ఏ ఎడాన్ని ఇస్తుందో ఎక్కడా చెప్పదు. కాబట్టి దాన్ని ఆధారంగా చూపలేం. రెండవ చలరాశి మొదటిదానితో ఎంత పెనవేసుకుని ఉందన్నదే అసలు విషయం. చుట్టుకొలతతో పాటు కొమ్మల విస్తీర్ణం కూడా సమీకరణంలో పెట్టాలని ఆ అమ్మాయి అనుకుంది. ఆ రెండింటి మధ్య కోరిలేషన్ 0.8 అనుకుంటే, 1/(1 − 0.64), అంటే 2.78 రెట్లు ఎక్కువ చెట్లు కావాలి. 164 కి బదులు సుమారు 450. కొత్త చలరాశి s_e ని తగ్గిస్తే ఆ మేరకు ఈ భారం తగ్గుతుంది. కాని ఇంతగా పెనవేసుకున్నది అంతగా తగ్గించదు. లావు మాను ఉన్న చెట్టుకు కొమ్మలూ విస్తరించి ఉంటాయి. వాటిని విడదీసి చూపగల చెట్లు, అంటే లావు మాను ఉండి కొమ్మలు తక్కువ ఉన్నవి, తోటలో కొద్దిగానే ఉంటాయి. కచ్చితత్వమంతా ఆ కొద్దిమీదే నిలుస్తుంది. రెండింటిలో ఒకటే ఎంచుకోమని చెప్పాను, ఆమె చుట్టుకొలతను ఉంచుకుంది.

ఒక్కో తోటలో 40 చెట్ల చొప్పున నాలుగు తోటల్లో కొలిస్తే 160 అవుతాయి కదా?

సంఖ్య 160 అవుతుంది, సమాచారం 160 చెట్లది అవదు. ఒకే తోటలోని చెట్లకు మన్ను ఒకటే, ఎరువు ఒకటే, చూసుకునే చేయి ఒకటే. గీతకు పైన ఉన్న తోటలో చెట్లన్నీ పైనే ఉంటాయి. పై సూత్రం ప్రతి చెట్టూ వేరొకదానితో సంబంధం లేకుండా వచ్చిందని అనుకుంటుంది. ఆ అనుకోలు తప్పినప్పుడు, వాలుకు కావలసిన నమూనాను సుమారుగా ఈ అంకెతో హెచ్చించాలి:

```
1 + (m - 1) * rho_x * rho_e
```

m అంటే తోటకు ఎన్ని చెట్లు. rho_x అంటే చుట్టుకొలతల తేడాలలో ఎంత భాగం తోటకూ తోటకూ మధ్య ఉన్నది. rho_e అంటే గీత నుంచి బిందువుల ఎడంలో అటువంటి భాగం ఎంత అన్నది. తోటకు 10 చెట్లు, rho_x 0.5, rho_e 0.3 అనుకుంటే 2.35 వస్తుంది. 164 చెట్లు 386 అవుతాయి, వాటికి 39 తోటలు కావాలి. తోటకు 5 చెట్లే తీసుకుంటే 1.6 వస్తుంది, 263 చెట్లు, 53 తోటలు. తక్కువ చెట్లు, ఎక్కువ తోటలు. దీనికి బస్సు ఖర్చు పెరుగుతుంది, తూకం పని తగ్గుతుంది. ఏది భారమో మీకే తెలుసు.

తోట మొత్తానికి ఒకే విలువ ఉండే x ని, ఉదాహరణకు తోట వయసునో నేల రకాన్నో అధ్యయనం చేస్తే rho_x 1 అవుతుంది. అప్పుడు పది చెట్ల చొప్పున 3.7 రెట్లు, అంటే 607 చెట్లు కావాలి. అలాంటి చోట తోటకు ఎన్ని చెట్లు కలిపినా లాభం త్వరగా అడుగంటుతుంది. తోటల సంఖ్యే మీ నమూనా అని అనుకోవాలి.

దీన్నే అనుకూలంగా తిప్పుకునే ఉపాయం కూడా ఉంది. ప్రతి తోటలోనూ సన్నవీ లావువీ కలిపి ఎంచుకుంటే చుట్టుకొలతల తేడాలు తోటల మధ్య కాక తోట లోపలే ఉంటాయి. rho_x 0.1 కి దిగితే, తోటకు 5 చెట్లతో హెచ్చింపు 1.12 మాత్రమే. 184 చెట్లు, 37 తోటలు. వివిధ వయసుల చెట్లు కలిసి ఉన్న పాత తోటలు ఇందుకు బాగా పనికొస్తాయి. తుఫానుకు పడిపోయిన చెట్ల సందుల్లో మాత్రమే కొత్తవి నాటిన తోటలు మరీ మంచివి. విశ్లేషణలో కూడా తోటను లెక్కలోకి తీసుకునే పద్ధతినే వాడాలి, లేకపోతే ప్రామాణిక దోషం ఉన్నదానికన్నా చిన్నదిగా కనబడుతుంది.

రైతు చెప్పిన దిగుబడి రాసుకుంటే ఎక్కువ మందిని తీసుకోవచ్చు కదా?

ఇక్కడ నమూనా పరిమాణం రోగానికి మందు కాదు. పలాస వైపు పిక్కల లెక్క 80 కిలోల బస్తాల్లో నడుస్తుంది. తోటకు ఎన్ని బస్తాలైందో రైతుకు బాగా గుర్తుంటుంది. ఫలానా చెట్టు ఎన్ని కిలోలు ఇచ్చిందంటే, ఆ చెట్టు వైపు చూసి, దాని ఆకారాన్ని బట్టి ఒక మాట చెబుతాడు. లావు చెట్టుకు ఎక్కువ, సన్నదానికి తక్కువ. అప్పుడు మీరు కొలిచేది చుట్టుకొలతకూ దిగుబడికీ మధ్య సంబంధాన్ని కాదు, చుట్టుకొలతకూ రైతు అంచనాకూ మధ్య సంబంధాన్ని. వెయ్యి చెట్లు తీసుకున్నా తప్పు అంకె చుట్టూ సన్నని అంతరం వస్తుంది.

పొరపాటు ఏ దిక్కూ లేకుండా అటూ ఇటూ సమంగా ఉన్నప్పుడు కూడా ఫలితం రెండు రకాలుగా ఉంటుంది. దిగుబడి కొలతలో అలాంటి పొరపాటు ఉంటే వాలు మారదు, s_e పెరిగి ఎక్కువ చెట్లు కావలసి వస్తాయి. చుట్టుకొలతలో ఉంటే వాలే తగ్గిపోతుంది. జీడిచెట్టు నేలకు దగ్గరలోనే కొమ్మలు వేస్తుంది కాబట్టి ఒకరు మోకాలి ఎత్తున, ఇంకొకరు నడుము ఎత్తున టేపు చుడితే ఒకే చెట్టుకు రెండు వేరు అంకెలు వస్తాయి. అలా చుట్టుకొలత తేడాలలో ఐదో వంతు కొలత పొరపాటే అయితే, 750 గ్రాముల వాలు 600 గ్రాములుగా కనబడుతుంది. నేల నుంచి ఇంత ఎత్తు అని ఒక కర్ర కోసి, దాన్ని మాను పక్కన నిలబెట్టి, అక్కడే టేపు చుట్టండి. 20 చెట్లను ఇద్దరు విడివిడిగా కొలిచి రెండు వరుసలను పోల్చి చూడండి. ఆ పూట పని మరో వంద చెట్లు కొలవడం కన్నా ఎక్కువ ఇస్తుంది.

స్పియర్‌మన్ ర్యాంకు గుణకానికి?

పైన కోరిలేషన్‌కు చెప్పిన లెక్కనే వేసి, దాన్ని 1 + r²/2 తో హెచ్చించుకోండి. r 0.5 దగ్గర ఎనిమిదో వంతు పెరుగుతుంది.

సినాప్సిస్‌లో చివరకు ఏం రాయాలి?

ఏ గుణకం కావాలో, ఎంత ఎడం ఒప్పుకుంటారో, అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో, తోటల వల్ల ఎంత హెచ్చించారో రాయాలి. ఆ అమ్మాయి రాసినది ఇలా ఉంది:

"చుట్టుకొలతపై దిగుబడి రిగ్రెషన్ వాలును 10 సెం.మీ.కు 0.2 కిలో ఎడంతో, 95 శాతం విశ్వాసంతో అంచనా వేయడానికి, s_e 2.6 కిలోలు, చుట్టుకొలత విచలనం 20 సెం.మీ. అనుకుని 164 చెట్లు అవసరమని లెక్కించాము. తోటకు 5 చెట్ల చొప్పున, rho_x 0.5, rho_e 0.3 తీసుకుని 263 చెట్లకు పెంచాము. కోత కాలంలో పది శాతం చెట్ల తూకం దొరకకపోవచ్చునని 292 చెట్లుగా నిర్ణయించాము."

ప్రతి తోటలో సన్నవీ లావువీ ఎంచుకునే ఉపాయం తరువాత తోచింది. అయినా ఆమె 0.5 ను అలాగే ఉంచింది, ఎందుకంటే తోటలు చూడకముందే 0.1 అని రాయడానికి ఆధారం లేదు. 292 చెట్లకు తోటకు ఐదు చొప్పున 59 తోటలు కావాలి. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి మండలాల్లో ఊళ్ల జాబితా రాసుకుని, మార్చిలో పిక్కలు రాలడం మొదలయ్యే లోపు రైతులతో మాట్లాడి రావడమే ఆమెకు మిగిలిన పని.